yzxiNtjg అంటే బెంగళూరు: తప్పు కీబోర్డులో కొట్టిన తెలుగుపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో తెలుగు డీటీపీ పని చేసేవాళ్ల కంప్యూటర్లలో ఇంగ్లిషు, కన్నడ, తెలుగు మూడు కీబోర్డులూ పక్కపక్కనే ఉంటాయి. చిక్కపేటలో పెళ్లి కార్డు వేయించాలన్నా, అపార్టుమెంటు సంఘం నోటీసు తెలుగులో పెట్టాలన్నా, ఏదో ఒక పూట ఎవరో ఒకరు కీబోర్డు మార్చడం మరిచిపోతారు. అప్పుడు తెరమీద పడే అక్షరాలు చూసి అవతలివాళ్లు ముందు అనే మాట ‘ఫైలు పాడైంది’ అనే. ఫైలు పాడవలేదు.

అపోహ: తెలుగు ఫాంటు లేకపోవడం వల్లే ఇలా వస్తుంది.

వాస్తవం: ఫాంటు లేకపోతే అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. ఫాంటు వేయగానే తెలుగు వచ్చేస్తుంది. పాత యూనికోడేతర ఫాంట్లలో చేసిన పాఠం ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే, నెత్తిన గుర్తులున్న యూరప్ అక్షరాలు, మామూలు కీబోర్డు మీద లేని చిహ్నాలు కలగాపులగంగా కనిపిస్తాయి. సర్వరో, సాఫ్ట్‌వేరో ఎన్‌కోడింగును తప్పుగా చదివితే `à°¤à±†à°²` లాంటి వరుస వస్తుంది. అందులో `à°`, `à±` అనే జంటలు అడుగడుగునా తగులుతాయి.

తప్పు కీబోర్డు గుర్తు వేరు. అందులో కనిపించే ప్రతి అక్షరమూ మన ముందున్న కీబోర్డు మీద ఉన్నదే. `vcmdkejx` చూడండి. డబ్బాలు లేవు, వింత చిహ్నాలు లేవు, అన్నీ మామూలు ఇంగ్లిషు అక్షరాలే. ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ లిపుల ప్రామాణిక కీబోర్డు అమరిక అలవాటున్న చేతులు, కీబోర్డు ఇంగ్లిషులో ఉండగా కొట్టిన ‘నమస్కారం’ ఇది.

అపోహ: అది అర్థం లేని గజిబిజి, మళ్లీ మొదటినుంచి కొట్టుకోవాల్సిందే.

వాస్తవం: ఒక్క నొక్కు కూడా పోలేదు. ఇన్‌స్క్రిప్టులో ఒక మీటకు ఒక గుర్తు. గుణింతపు గుర్తులు ఎడమ చేతికి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడి చేతికి వస్తాయి. షిఫ్ట్ పట్టి గుణింతపు మీట నొక్కితే అచ్చు, హల్లు మీట నొక్కితే చాలాచోట్ల దాని ఒత్తక్షరం. `h` ప అయితే `H` ఫ, `k` క అయితే `K` ఖ. కాబట్టి ఇంగ్లిషులో పడిన వరుసను మీటలవారీగా వెనక్కి చదవొచ్చు.

ఒక కార్డు మీది వరుసే తీసుకుందాం:

```
yzxiNtjg hzNdnf cx[hx
```

మొదటి మాటలో `y` బ, `z` ఎత్వం, `x` సున్న, `i` గ, `N` ళ, `t` ఊత్వం, `j` ర, `g` ఉత్వం. కలిపితే బెంగళూరు. రెండోది పెళ్లి, మూడోది మండపం.

పట్టిక గుర్తులేనివాళ్లకు ఇంతకన్నా తేలిక దారి ఉంది. ఖాళీ ఫైలు తెరిచి, విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కి తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఎంచుకోండి. ఇప్పుడు ఆ గజిబిజిని పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, బ్రాకెట్లతో సహా ఉన్నదున్నట్టు కొట్టండి. అసలు పాఠం అదే వచ్చి కూర్చుంటుంది.

చూడగానే పసిగట్టడానికి నమ్మదగిన ఆనవాలు `d`. ఇన్‌స్క్రిప్టులో పొల్లు అక్కడుంది. తెలుగులో ద్విత్వాలు ఎక్కువ కాబట్టి ఒకే అక్షరం `d`కి అటూ ఇటూ కనిపిస్తుంది: న్న `vdv`, ల్ల `ndn`, మ్మ `cdc`. ‘అమ్మ’ `Dcdc` అవుతుంది. రెండో ఆనవాలు మాట చివర. మన మాటలు లు, రు, డు, అం అని ముగుస్తాయి గనుక `ng`, `jg`, `[g`, `x` వరసగా పడతాయి. ఇక మాట మొదట్లోనే విరామచిహ్నం ఉంటే పెద్దగా ఆలోచించక్కర్లేదు. చెన్నై `;zvdvw`, యలహంక `/nuxk`.

నష్టం జరిగేది ఆ తర్వాత, ఎవరో ‘సరిచేసినప్పుడు’. వర్డ్ లాంటివి వాక్యం మొదటి అక్షరాన్ని తమంతట తామే పెద్దది చేస్తాయి. అప్పుడు `hzNdnf` కాస్తా `HzNdnf` అయి, వెనక్కి తిప్పితే ‘ఫెళ్లి’ వస్తుంది. ఇది మొదటి అక్షరానికే పరిమితం, సులువుగా దిద్దుకోవచ్చు. అన్నిటినీ చిన్నక్షరాలు చేసే ఫారాలతోనే అసలు చిక్కు. ‘కారణం’ అంటే `kejCx`. అది `kejcx` అయిందంటే ‘కారమం’ అని వస్తుంది. ళ లగా, ణ మగా, అ పొల్లుగా, మిగతా అచ్చులు గుణింతాలుగా మారతాయి. అక్కడ మీటలను నమ్మలేం, సందర్భాన్ని బట్టి మనిషి చదివి దిద్దాలి. అందుకే గజిబిజి పాఠం చేతికి రాగానే ముందు దాని నకలు ఒకటి ముట్టుకోకుండా దాచండి.

అపోహ: తెలుగు అక్షరాలే పడుతున్నాయి, పైన ‘తెలుగు’ అనే ఉంది, ఇక కీబోర్డు సరైనదే.

వాస్తవం: విండోస్‌లో తెలుగు పేరుతో ఇన్‌స్క్రిప్టూ ఉంటుంది, ఉచ్చారణను బట్టి ఇంగ్లిషు అక్షరాలతో కొట్టే ఫొనెటిక్కూ ఉంటుంది. ఫొనెటిక్ అనుకుని ఇన్‌స్క్రిప్టులో `amma` అని కొడితే ‘ోససో’ పడుతుంది. `ela unnaru` కొడితే ‘ాతో హలలోీహ’.

దీని ఆనవాళ్లు తెలుగు లిపిలోనే దొరుకుతాయి. మాట గుణింతపు గుర్తుతో మొదలవుతుంది. అది పట్టుకోవడానికి హల్లు లేక, చాలా ప్రోగ్రాములు దాని పక్కన చుక్కల వలయం చూపిస్తాయి. ఒకే హల్లు మీద రెండు గుర్తులు పడతాయి. కొన్నిచోట్ల రెండోదానికి వలయం వస్తుంది, కొన్నిచోట్ల ఒకదాని మీద ఒకటి ఎక్కి మసకబారుతుంది. అన్నిటికన్నా ముందు కంటబడేది ఓత్వం. ఇంగ్లిషు `a` మీటలో అది ఉండడం, తెలుగు మాటను ఇంగ్లిషులో రాస్తే `a`లు ఎక్కువ పడడం రెండూ కలిసి పంక్తి నిండా ‘ో’లే కనిపిస్తాయి. తిరిగి రాబట్టడానికి ఇక్కడా అదే పద్ధతి, దిశ మాత్రం తారుమారు. ఇంగ్లిషుకు మారి, ఆ గుర్తులు ఏ మీటలవో ఆ మీటలు నొక్కితే `ela unnaru` బయటపడుతుంది.

అపోహ: కన్నడ కీబోర్డులో కొడితే వెంటనే తెలిసిపోతుంది.

వాస్తవం: బెంగళూరులో చాలా ఆలస్యంగా తెలిసే తప్పు ఇదే. భారతీయ లిపులకు ఇన్‌స్క్రిప్టులో ఒకే ధ్వనికి ఒకే మీట కాబట్టి, కన్నడ ఇన్‌స్క్రిప్టులో ‘తెలుగు’ కొడితే ತೆಲುಗು వస్తుంది. చదివితే సరిగ్గానే ఉంటుంది. చిన్న సైజులో గ, ర లాంటివి కళ్లను మోసం చేస్తాయి. తలకట్టు చూడండి: తెలుగులో అది టిక్కు గుర్తులా పైకి లేస్తుంది, కన్నడలో అడ్డంగా సాగి కొస వంపు తిరుగుతుంది. అనుమానం తీరకపోతే ఫైలులో కచ్చితంగా ఉన్న మాటనే తెలుగులో కొట్టి వెతకండి. కంటికి కనబడుతున్నా వెతుకులాటలో దొరకలేదంటే లిపి వేరు.

దీన్ని మళ్లీ కొట్టనక్కర్లేదు. యూనికోడులో కన్నడ అక్షరం, దానికి సరిజోడు తెలుగు అక్షరం సరిగ్గా 128 స్థానాల దూరంలో ఉంటాయి. తెలుగు ర 0C30, కన్నడ ರ 0CB0. పైథాన్ ఉంటే, `s`లో పాఠం పెట్టి ఈ ఒక్క వరుస నడిపితే చాలు:

```
"".join(chr(ord(c)-128) if 0xC80 <= ord(c) <= 0xCFF else c for c in s)
```

ఒక్క జాగ్రత్త. ఫైలులో నిజంగానే కన్నడలో ఉండాల్సిన మాటలుంటే, ఉదాహరణకు కార్డు మీద కన్నడలో వేసే చిరునామా ఉంటే, అవి కూడా తెలుగులోకి వచ్చేస్తాయి. ఆ భాగాన్ని ముందే వేరు చేసి, మిగతాదాని మీదే నడపండి.