దసరా ఫొటోలో ఉన్నది పాలపిట్టేనా?

దసరా రోజు పొద్దున మా చిన్నమ్మ ఊరి నుంచి కుటుంబం గ్రూపులో ఒక ఫొటో పెట్టింది. కింద "పాలపిట్ట కనపడ్డది, అందరూ చూసుకోండి" అని రాసింది. పొలం పక్కన కరెంటు తీగ, దాని మీద ఒక పిట్ట, వీపంతా ధగధగలాడే నీలం. పది నిమిషాల్లో ఇరవై దండాలు వచ్చాయి. నేను ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూశాను. ముక్కు ఎర్రగా, బాకులా పొడుగ్గా ఉంది. అది పాలపిట్ట కాదు, లకుముకి. పండగ పూట చెప్పడం ఎందుకని ఊరుకున్నాను. సాయంత్రం జమ్మి ఇచ్చిపుచ్చుకున్నాక ఫోన్ చేసి, "చిన్నమ్మా, ముక్కు చూశావా?" అని అడిగాను. "ముక్కు ఎవరు చూస్తారురా, నీలంగా ఉందా లేదా?" అంది.

చిక్కంతా అక్కడే ఉంది. నీలాన్ని నమ్ముకుంటే ఈ పొరపాటు మళ్లీ మళ్లీ జరుగుతుంది. కూర్చుని ఉన్నప్పుడు ఎక్కువ నీలంగా కనిపించేది లకుముకే. పాలపిట్ట తన నీలాన్ని రెక్కల్లో మడిచి దాచుకుంటుంది. తీగ మీద వాలి ఉన్న పాలపిట్టను వెనక నుంచి చూస్తే వీపు మట్టి కలిసిన ఆకుపచ్చ గోధుమ రంగులో, చాలా మామూలుగా ఉంటుంది. అది ఎగిరిన క్షణంలో ముదురు నీలం, లేత నీలం పట్టీలు రెక్కల మీద విసనకర్ర విప్పినట్టు బయటపడతాయి. మన ఫొటోలు చాలావరకు పిట్ట కూర్చున్నప్పుడు తీసినవే కాబట్టి, మనం వెతికే నీలం ఎదురుగా ఉన్న లకుముకిలోనే దొరుకుతుంది.

లకుముకిలో చాలా రకాలున్నాయి. ఊళ్లో ఎక్కువగా కనిపించేది తెల్లగొంతు లకుముకి. పొలాల్లో, తోటల్లో, ఇళ్ల మధ్య తీగల మీద, నీళ్లకు చాలా దూరంలో కూడా ఉంటుంది. మిడతలనూ తొండలనూ పట్టి తింటుంది. దీనితో పాటు మనకు తరచూ కలిసే మూడో పిట్ట పసిరిక పిట్ట. తేనెటీగలను, తూనీగలను గాలిలోనే పట్టే చిన్న ఆకుపచ్చ పిట్ట అది. ఈ మూడూ శాస్త్రం లెక్కలో దగ్గరి చుట్టాలు, ఒకే క్రమానికి చెందినవి. మూడూ బొరియల్లోనో తొర్రల్లోనో గుడ్లు పెడతాయి, మూడూ ఒకచోట కదలకుండా కూర్చుని కనిపెట్టి వేటాడతాయి. ఫొటోలో ఇవి ఒకదాన్నొకటి పోలి ఉండటానికి కొంత కారణం ఇదే.

అందుకే నేను ముందు ముక్కు చూస్తాను. రంగు వెలుతురును బట్టి మారుతుంది, ముక్కు ఆకారం మారదు. ఫొటోను ఫోన్ తెర నిండా పెద్దది చేసి, ఒక కాగితం అంచును ముక్కు మీద పెట్టండి. ముక్కు కొన దగ్గర ఒక గీత, ఈకలు మొదలయ్యే చోట ఒక గీత పెట్టుకోండి. ఇప్పుడు అదే కొలతను ముక్కు మొదలు నుంచి తల వెనక అంచు దాకా పోల్చండి. లకుముకికి ముక్కు తల కంటే పొడుగ్గా వస్తుంది. మొదట్లో లావుగా ఉండి, వంపు లేకుండా నేరుగా సన్నబడుతుంది. పాలపిట్టకు తల కంటే పొట్టిగా, నల్లగా, దిట్టంగా వస్తుంది, కొనలో కొంచెం కొక్కెంలా వంగి ఉంటుంది. కాకి ముక్కును తగ్గించి పెట్టినట్టు అనుకోవచ్చు. పసిరిక పిట్టది ఇంచుమించు తలంత పొడుగే అయినా సన్నగా, కొడవలిలా కిందికి వంగి ఉంటుంది.

ఈ ఆకారాలు ఊరికే రాలేదు. లకుముకి తలతో సహా దూసుకెళ్లి కప్పనో చేపనో పట్టాలి, దానికి నిటారు ముక్కు పనికొస్తుంది. పాలపిట్ట పైనుంచి నేల మీదికి దిగి మిడతనో పేడపురుగునో ముక్కుతో నొక్కి పట్టుకుంటుంది. పసిరిక పిట్ట పట్టేది కొండిగల పురుగు. ముక్కు పొడుగ్గా, సన్నగా ఉంటే ఆ కొండి మొహానికి దూరంగా ఉంటుంది. పట్టిన తేనెటీగను కొమ్మకేసి కొట్టి, రుద్ది, కొండిని వదిలించాకే మింగుతుంది. ఒకసారి చూస్తే మర్చిపోలేరు: కంచె తీగ మీద కూర్చుని, తలను అటూ ఇటూ ఆడిస్తూ టపటపా కొడుతూనే ఉంటుంది.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. పిట్ట కెమెరా వైపే చూస్తుంటే ముక్కు ఎంత పొడుగున్నా చిన్న చుక్కలా కనిపిస్తుంది. లకుముకి ముక్కును పొట్టిదనుకుని పాలపిట్ట అని రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకని కొలత పక్కనుంచి తీసిన ఫొటోలోనే వేయాలి. అలాంటిది లేకపోతే వరసగా తీసిన నాలుగైదు ఫొటోల్లో తల తిప్పినది వెతకాలి. ఇంకో సంగతి, ముక్కు రంగు మీద పూర్తిగా ఆధారపడకండి. లకుముకి పిల్లకు ముక్కు ఎర్రగా కాకుండా నల్లగోధుమగా ఉంటుంది. ఆకారం మాత్రం చిన్నప్పుడే అదే తీరులో ఉంటుంది.

రెండోది రంగుల మడులు. ఏయే రంగులున్నాయో లెక్కపెట్టడం కంటే, ఏ రంగు ఏ మడిలో ఉందో చూడటం మేలు. నీలం, గోధుమ రెండూ ఉన్నాయంటే ఏమీ తేలదు, రెండు పిట్టల్లోనూ అవే ఉంటాయి. తల చూడండి. లకుముకి తల చాక్లెట్ గోధుమ రంగు, గొంతు నుంచి ఛాతీ దాకా తెల్లటి బిబ్ కట్టినట్టు, పొట్ట మళ్లీ గోధుమ, వీపు మెరిసే నీలం. పాలపిట్ట తిరగేసినట్టు ఉంటుంది. నడినెత్తి నీలం, ముఖమూ ఛాతీ గులాబీ గోధుమ, ఛాతీ మీద సన్నని లేత చారలు, పొట్ట లేత నీలం. హిందీలో దీన్ని నీల్‌కంఠ్ అంటారు, కానీ గొంతు నీలం కాదు. ఆ పేరు నమ్మి గొంతు నీలంగా ఉందా అని వెతికితే దారి తప్పుతాం. పసిరిక పిట్ట శరీరం చాలావరకు ఆకుపచ్చ, కంటి మీదుగా నల్లటి గీత, గొంతు కింద సన్నని నల్ల హారం, తోక మధ్య నుంచి రెండు పొడుగాటి సూదుల్లాంటి ఈకలు.

ఎగిరేటప్పుడు తీసిన ఫొటోలో మాత్రం లకుముకిని గుర్తుపట్టాలంటే నీలాన్ని వదిలేసి తెలుపు వెతకాలి. దాని రెక్క చివరి భాగంలో పెద్ద తెల్ల మచ్చ ఉంటుంది. పాలపిట్ట రెక్కలో నీలం పట్టీలే తప్ప అలాంటి తెలుపు ఉండదు.

రంగులను నమ్మడానికి ఉన్న హద్దు ఒకటి చెప్పాలి. ఈ పిట్టల ఈకల్లో నీలం రంగు పదార్థం లేదు. ఈకలోని అతి సన్నని స్పాంజి లాంటి నిర్మాణం నీలం వెలుతురును ఎక్కువగా వెనక్కి చిమ్ముతుంది కాబట్టి నీలంగా కనిపిస్తుంది. వెలుతురు మీద పడితేనే ఆ నీలం. సూర్యుడు పిట్ట వెనక ఉంటే మిరుమిట్లు గొలిపే వీపు కూడా బొగ్గులా తేలుతుంది. తెల్లటి ఆకాశం ముందు తీగ మీద కూర్చున్న పిట్టను ఫోన్‌తో తీస్తే ఇదే జరుగుతుంది, కెమెరా ఆకాశానికి సర్దుకుని పిట్టను చీకట్లో వదిలేస్తుంది. అలాంటి ఫొటోలో ఎక్స్‌పోజర్ కొంచెం పెంచి చూడండి. నీలం తిరిగి రాకపోయినా, తెల్ల బిబ్ మాత్రం చాలాసార్లు బయటపడుతుంది. అది కూడా రాకపోతే నీడబొమ్మే మిగులుతుంది, అప్పుడు ముక్కుతోనే తేల్చాలి.

మూడోది పిట్ట వాలిన ఎత్తు. ఇది సాయం చేసే సాక్ష్యమే తప్ప తీర్పు కాదు. పాలపిట్ట మోడు చెట్టు కొమ్మ మీదో, కరెంటు తీగ మీదో ఎత్తులో కూర్చుంటుంది, చుట్టూ ఉన్న నేలంతా కనిపించాలి కదా. చెరువు అంచున మీటరు, రెండు మీటర్ల ఎత్తులో, నీళ్ల మీదికి వంగిన పుల్ల మీద కనిపించే చిన్నది, పొట్ట నారింజ రంగుదైతే అది చిన్న లకుముకి. కంచె తీగ, జొన్నచొప్ప కొన, చిన్న ముళ్లపొద పసిరిక పిట్ట చోట్లు. అక్కడి నుంచి ఎగిరి పురుగును పట్టి, మళ్లీ అదే చోటికి వచ్చి కూర్చుంటుంది. కాని తెల్లగొంతు లకుముకి ఎక్కడైనా కూర్చుంటుంది, తీగైతే అందరికీ అందుబాటులో ఉండేదే.

ఫొటోలో ఎత్తు కనుక్కోవడానికి పిట్ట వెనక ఏముందో చూస్తాను. వెనక గడ్డో, నీళ్లో ఉండి, పిట్ట వీపు కనిపిస్తుంటే అది తక్కువ ఎత్తులో ఉంది. వెనకంతా ఆకాశమై, పొట్ట కనిపిస్తుంటే పైన ఉంది. చెరువు గట్టు మీద నిలబడి తీసినవాళ్ల ఫొటోలో ఈ లెక్క తప్పుతుంది, ఎత్తులో ఉన్నది తీసిన మనిషే కాబట్టి.

ఈ లెక్క నన్ను బోల్తా కొట్టించిన ఫొటో ఒకటుంది. చెరువు గట్టు మీద నుంచి తీసింది. ఒక పుల్ల, వెనక నీళ్లు, పుల్ల మీద పిడికెడు ఆకుపచ్చ నీలం పిట్ట. చిన్న లకుముకి అని మరో ఆలోచన లేకుండా పేరు పెట్టి దాచుకున్నాను. రెండు నెలల తర్వాత మళ్లీ తెరిచాను. పొట్ట నారింజ రంగులో లేదు, లేతాకుపచ్చ. కంటి మీద నల్ల గీత. ముక్కు సన్నగా కిందికి వంగి ఉంది. తోకకు పొడుగాటి సూదులు లేకపోవడమే నన్ను మోసం చేసింది. అవి పసిరిక పిల్లకు ఇంకా రావు, పెద్దదానికైనా ఊడిపోయి ఉండొచ్చు. నా ఫొటోలోని పిట్టకు గొంతు కింద హారం కూడా లేదు, అంటే బహుశా పిల్లే. పుల్లా, నీళ్లూ చూసి నేను ముందే పేరు అనేసుకున్నాను, ఆ తర్వాత పొట్ట రంగు కంటికి ఆనలేదు.

ఇంతకీ చిన్నమ్మ ఫొటోకి వస్తాను. తెర మీద కాగితం పెట్టి కొలిస్తే ముక్కు తలను దాటింది. తల గోధుమ, నడినెత్తి మీద నీలం జాడ లేదు. తిరిగి ఉన్న వైపు ఛాతీ అంచున తెలుపు కొంచెం కనిపిస్తోంది. కాళ్లు ఎర్రగా ఉన్నాయి. పాలపిట్ట కాళ్లు పసుపు గోధుమ. ఇవన్నీ వరసగా ఫోన్‌లో చెప్పాను.

"మరి వచ్చే దసరాకి ఏం చూడాలి?" అంది.

"కూర్చున్నప్పుడు ముఖమూ ఛాతీ గోధుమగా, నెత్తి నీలంగా ఉందేమో చూడు. తర్వాత అది లేచేదాకా కాస్త ఆగు, రెక్కలు విప్పగానే తెలిసిపోతుంది. పంజరంలో పెట్టి డబ్బులకు చూపించేవాడి దగ్గరికి మాత్రం పోకు, పాలపిట్టను పట్టడం చట్టప్రకారం నేరం."

మూడు రోజుల తర్వాత ఇంకో ఫొటో పంపింది. మోడు తుమ్మ చెట్టు పైకొమ్మ, సగం చీకటి, పొట్టి నల్ల ముక్కు. కింద ఏమీ రాయలేదు.