రివ్యూల్లోంచి బ్రాండ్ మాట పట్టుకోవడం: అపోహలు, వాస్తవాలు

కస్టమర్లు రాసిన రివ్యూలు తవ్వి, ఒక బ్రాండ్ గురించి వాళ్లు ఏ మాటలు వాడుతున్నారో చూసి, దాన్నిబట్టి ఆ బ్రాండ్ మార్కెట్లో ఎవరికి ఏమని చెప్పుకోవాలో, అంటే దాని పొజిషనింగ్ ఏమిటో తేల్చడం నా పని. ఈ పనిలో కొన్ని తప్పులు మళ్లీ మళ్లీ చూస్తుంటాను. వాటన్నిటినీ ఒకే ఉదాహరణ మీద చూపిస్తాను. ఇందులో అంకెలు లెక్క సులువుగా అర్థం కావాలని నేను వేసుకున్నవి. తప్పులు మాత్రం నిజంగా జరిగేవే.

ఒక కంపెనీ లాప్‌టాప్ బ్యాగులు అమ్ముతోంది అనుకుందాం. దాని రివ్యూలు 1,200, పోటీలో ఉన్న నాలుగు బ్రాండ్లవి కలిపి 3,600. కంపెనీ తన గురించి ఇన్నాళ్లూ చెప్పుకుంటున్నది "తేలికైన బ్యాగ్" అని.

అపోహ: ఎక్కువసార్లు వచ్చిన మాటే బ్రాండ్ మాట

రివ్యూలన్నీ ఒకచోట పోసి, ఎక్కువసార్లు వచ్చిన మాట పెద్దగా కనిపించే పటం, అంటే వర్డ్ క్లౌడ్ గీస్తారు, పెద్ద అక్షరాల్లో "క్వాలిటీ", "బాగుంది", "లైట్", "జిప్" కనిపిస్తాయి, "చూశారా, మనల్ని లైట్ అంటున్నారు" అని ప్రెజెంటేషన్ అయిపోతుంది. ఇదే పటాన్ని పోటీ బ్రాండ్ రివ్యూలతో గీసి పక్కన పెట్టండి, ఏది ఎవరిదో గుర్తుపట్టలేరు. ఎందుకంటే అవి బ్యాగుల గురించి మాట్లాడటానికి ఎవరికైనా కావాల్సిన మాటలు, ఈ బ్రాండ్‌కి ప్రత్యేకమైనవి కావు.

వాస్తవం: మన దగ్గర ఎంత ఉందో కాదు, పక్కవాళ్ల దగ్గర కంటే మన దగ్గర ఎంత ఎక్కువ ఉందో చూడాలి. లెక్క చాలా సింపుల్. ప్రతి మాటకీ అది ఎన్ని రివ్యూల్లో వచ్చిందో లెక్కపెట్టండి. మొత్తం ఎన్నిసార్లు వచ్చిందో కాదు, ఎన్ని రివ్యూల్లో అన్నది ముఖ్యం, లేకపోతే ఒకే మనిషి పెద్ద రివ్యూలో పదిసార్లు "స్ట్రాప్, స్ట్రాప్" అని రాస్తే పదిమంది అన్నట్టు అయిపోతుంది. మన ఉదాహరణలో "క్వాలిటీ" మనవాటిలో 420 రివ్యూల్లో ఉంది, అంటే 35 శాతం. పోటీవాళ్ల దగ్గర 1,296, అంటే 36 శాతం. తేడా లేదు. "లైట్" మన దగ్గర 15 శాతం, అక్కడా 15 శాతమే. కంపెనీ ఇన్నాళ్లూ చెప్పుకున్న మాట అందరికీ సమానంగా దొరుకుతున్న మాట అన్నమాట.

జాబితాలో బాగా కిందకి వెళ్తే, వర్డ్ క్లౌడ్‌లో కంటికి కూడా ఆనని ఒక మాట ఉంది: "నిలబడటం". మన దగ్గర 72 రివ్యూల్లో, 6 శాతం. పోటీవాళ్ల దగ్గర 36, అంటే 1 శాతం. ఆరు రెట్లు. ఈ బ్యాగ్‌ని నేల మీద పెడితే పక్కకి పడిపోకుండా నిలబడుతుందని జనం చెబుతున్నారు, కంపెనీలో ఎవరూ దాన్ని ఒక గుణంగా కూడా అనుకోలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. రెట్లు మాత్రమే చూస్తే అరుదైన మాటలు మోసం చేస్తాయి. మన దగ్గర మూడు రివ్యూల్లో వచ్చి అక్కడ ఒక్కదాంట్లోనూ రాని మాట, లెక్క ప్రకారం అనంతమైన రెట్లు ఎక్కువ అవుతుంది, నిజానికి అది ముగ్గురి మాట, అంతే. కనీసం 1 శాతం రివ్యూల్లో లేని మాటని నేను పక్కన పెట్టేస్తాను. ఇంకా పద్ధతిగా చేయాలంటే, 2008లో మన్రో, మరో ఇద్దరు పరిశోధకులు అమెరికా సెనేట్ ప్రసంగాల్లో రెండు పార్టీల మాటల తేడా పట్టుకోవడానికి ప్రతిపాదించిన లాగ్ ఆడ్స్ పద్ధతి ఉంది, అది అరుదైన మాటల అంకెల్ని సాధారణ వాడుక వైపు లాగి తగ్గిస్తుంది. రివ్యూలకీ అదే బాగా పనికొస్తుంది.

అపోహ: మాటల్ని ధాతువు దాకా కత్తిరించేస్తే లెక్క శుభ్రంగా వస్తుంది

ఇంగ్లీషు రివ్యూలతో పని నేర్చుకున్నవాళ్లు తెలుగు రివ్యూల దగ్గర తప్పకుండా జారే చోటు ఇది. మన భాషలో "కాదు" అనే అర్థం చాలాసార్లు క్రియలోనే కలిసిపోయి ఉంటుంది. "నిలబడుతుంది", "నిలబడదు" రెండింటినీ "నిలబడ" దాకా కత్తిరిస్తే మెచ్చుకున్నవాడు, తిట్టినవాడు ఒకే గంపలో పడతారు. పైగా సగం మంది తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేస్తారు, ఎవరి స్పెల్లింగ్ వాళ్లది.

వాస్తవం: రూపాల జాబితా చేత్తోనే రాసుకోవాలి, ఔను వైపు రూపాలు ఒక వరసలో, కాదు వైపు రూపాలు ఇంకో వరసలో. ఇలా:

```
plus:  నిలబడుతుంది, నిల్చుంటుంది, nilabadutundi, nilabaduthundi
minus: నిలబడదు, నిల్చోదు, nilabadadu, nilchodu
```

ఇది విసుగు పుట్టించే పనే, ఒప్పుకుంటాను. కానీ ముఖ్యమైన ఐదారు మాటలకి మాత్రమే చేస్తే చాలు, పూట పట్టదు.

అపోహ: మాట దొరికింది, సెంటిమెంట్ స్కోరు వేస్తే మంచో చెడో తెలిసిపోతుంది

నా వరకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. మాట దొరికాక అసలు పని మొదలవుతుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు.

వాస్తవం: ఆ మాట ఉన్న ప్రతి వాక్యాన్నీ, మాట మధ్యలో ఉండి అటు ఏడెనిమిది మాటలు ఇటు ఏడెనిమిది మాటలు కనిపించేలా ఒక షీట్‌లో పెట్టుకుని చదవాలి. దీన్ని కాంకార్డెన్స్ అంటారు. 72 వాక్యాలు చదవడానికి గంట కూడా పట్టదు. చదివితే ఏం తేలిందో చూడండి. 51 మంది నిజంగానే బ్యాగ్ పడిపోకుండా నిలబడుతుందని మెచ్చుకున్నారు. 12 మంది నిలబడటం లేదన్నారు. మిగిలిన 9 మంది మాట్లాడింది బ్యాగ్ గురించే కాదు: "వారంటీ ఇస్తామన్నారు, మాట మీద నిలబడలేదు" అని కంపెనీని తిట్టారు! మెషీన్ లెక్కలో ఇవన్నీ ఒకటే మాట.

పోటీవాళ్ల 36 కూడా అలాగే చదివితే, 20 మంది "కింద పెడితే నిలబడదు, ఎప్పుడూ కాలికి ఆనించుకోవాల్సిందే" అని ఫిర్యాదు చేశారు, 4 వేరే అర్థం, మెచ్చుకున్నది 12 మందే. ఇప్పుడు లెక్క మళ్లీ వేయండి. మన దగ్గర 1,200లో 51, అంటే 4.25 శాతం. అక్కడ 3,600లో 12, అంటే 0.33 శాతం. ఆరు రెట్లు అనుకున్నది దాదాపు పదమూడు రెట్లు అయింది. అంతకంటే విలువైనది ఆ 20 ఫిర్యాదులు. ఎందుకంటే ఇది మన కస్టమర్ల ముచ్చట మాత్రమే కాదు, పక్క బ్రాండ్ కొన్నవాళ్లకి లోటుగా అనిపిస్తున్నదని అవి చెబుతున్నాయి.

"లైట్" అన్న మాటనీ ఇలాగే చదివితే కంపెనీకి కొంచెం బాధ కలిగించే విషయం బయటపడుతుంది. కొందరు "భుజానికి లైట్‌గా ఉంది" అన్నారు, ఇంకొందరు "క్లాత్ చాలా లైట్, ఎన్నాళ్లు వస్తుందో" అన్నారు. ఒకే మాట, ఒకరికి సుఖం, ఒకరికి భయం. అలాంటి మాట మీద బ్రాండ్‌ని నిలబెడితే, ప్రకటన చూసిన వాళ్లలో కొందరికి మనమే ఆ అనుమానం పుట్టించినట్టు అవుతుంది.

అపోహ: మన బలం తెలియాలంటే ఐదు స్టార్లు, లోపం తెలియాలంటే ఒక స్టార్

రేటింగులు సాధారణంగా రెండు చివర్లలో పోగుపడతాయి, ఐదు దగ్గర బాగా ఎక్కువ, ఒకటి దగ్గర కొంచెం, మధ్యలో పల్చగా. బాగా నచ్చినవాళ్లు, బాగా కోపం వచ్చినవాళ్లు రాసినంతగా మామూలుగా అనిపించినవాళ్లు రాయరు కాబట్టి. ఐదు స్టార్లలో చాలావరకు "సూపర్", "గుడ్ ప్రోడక్ట్" అని ఉంటుంది, ఒక స్టార్‌లో డెలివరీ గొడవలు.

వాస్తవం: మూడు, నాలుగు స్టార్ల రివ్యూల్లో "కానీ" ఉన్న వాక్యాలు వెతకండి. "నిటారుగా నిలబడుతుంది, మీటింగ్‌లో పక్కన పెట్టుకోవచ్చు, కానీ వాటర్ బాటిల్ జేబు ఇరుకు." ఇలాంటి వాక్యంలో మనిషి తూకం వేస్తాడు, దేనికోసం దేన్ని సర్దుకున్నాడో చెప్పేస్తాడు. పొజిషనింగ్‌కి కావాల్సిన ముడిసరుకు అదే.

జిప్ సంగతి ఒక్క మాట. జిప్ గురించి చాలామంది రాస్తారు, దాదాపు అందరూ పాడయ్యాకే రాస్తారు. పనిచేస్తున్న జిప్‌ని ఎవరూ మెచ్చుకోరు. నోరియాకి కానో 1984లో వివరించిన "తప్పనిసరి గుణం" ఇదే: ఉంటే సంతోషం లేదు, లేకపోతే కోపం. దాన్ని బాగుచేయించాలి తప్ప ప్రకటనలో పెట్టుకోకూడదు.

అపోహ: దొరికిన మాటని ట్యాగ్‌లైన్‌లో పెట్టేస్తే పొజిషనింగ్ అయిపోయినట్టే

వాస్తవం: ఆ మాట చుట్టూ ఉన్న సందర్భం కూడా కావాలి. ఆ 51 వాక్యాలకి మూడు ప్రశ్నలు వేస్తాను. ఎవరు? ఏ సమయంలో? ఇది లేకపోతే ఏం చేసేవాళ్లు? మన ఉదాహరణలో 30 మంది మీటింగ్, క్లాసు, క్లయింట్ ఆఫీసు లాంటి మాటలు వాడారు, అంటే రోజులో నాలుగైదు చోట్ల కూర్చుని లేచేవాళ్లు. ఇది లేనప్పుడు వాళ్లు చేసేది బ్యాగ్‌ని కాలికి ఆనించుకోవడం, లేదా పక్క కుర్చీ ఆక్రమించడం. తేలికదనం గురించి వీళ్లలో మాట్లాడినవాళ్లు ఇద్దరే.

ఇక నిలబడటం లేదన్న ఆ 12 మంది. వాళ్లలో 10 మంది లాప్‌టాప్ తీసేశాక, ఖాళీగా ఉన్నప్పుడు అని స్పష్టంగా రాశారు. డిజైన్ వాళ్లని అడిగితే కారణం తెలుస్తుంది: అడుగున గట్టి పలక ఉంది, కానీ వెనక వైపుకి లాప్‌టాపే ఆధారం. కాబట్టి "ఎప్పుడూ పడిపోని బ్యాగ్" అనకూడదు, అంటే అదే రేపటి ఒక స్టార్ రివ్యూ. నేను రాసే వాక్యం ఇలా ఉంటుంది: "రోజంతా ఒక చోటి నుంచి ఇంకో చోటికి తిరిగి పనిచేసేవాళ్లకి, లాప్‌టాప్‌తో నేల మీద పెట్టగానే నిటారుగా నిలబడే బ్యాగ్, కాలికి ఆనించుకోవాల్సిన పని లేదు, అడుగు గట్టి పలకతో కుట్టింది కాబట్టి." ఇది ప్రకటన కోసం రాసింది కాదు, లోపలి వాళ్లకి దారి చూపించే వాక్యం. ప్రకటనలో మాటలు వేరే రావచ్చు.

ఈ వాక్యాన్ని ఖరారు చేసేముందు రెండు విషయాలు చూస్తాను. ఒకటి, ప్రోడక్ట్ పేజీలో ఆ మాట ముందే ఉందా? ఉంటే జనం సొంతంగా అనలేదు, మనం రాసిందే తిరిగి రాశారు. పేజీ ఎప్పుడు మారిందో తేదీ తెలుసుకుని, అంతకుముందు రివ్యూల్లో ఆ మాట ఎంత ఉందో విడిగా లెక్కవేయాలి. రెండోది, రివ్యూలు రాసినవాళ్లంతా ఏదో ఒక బ్యాగ్ కొన్నవాళ్లే. కొనకుండా వెళ్లిపోయినవాళ్ల మాట ఇందులో ఎక్కడా లేదు. అందుకే కొత్త వాక్యాన్నీ పాత "తేలికైన బ్యాగ్" వాక్యాన్నీ, ఇంకా బ్యాగ్ కొనని పదిహేను ఇరవై మందికి చూపించి, ఏది ఎవరి కోసమో వాళ్ల మాటల్లోనే చెప్పమంటాను.

ప్రకటన బయటికి వెళ్లిన రోజు నుంచి "నిలబడటం" లెక్క పెరుగుతుంది, అందులో చాలా భాగం మన ప్రతిధ్వనే. కాబట్టి ఆ 4.25 శాతాన్ని, చదివిన 72 వాక్యాల షీట్‌ని తేదీ వేసి దాచుకోండి. తర్వాత చూడాల్సింది పోటీవాళ్ల రివ్యూల్లో "నిలబడదు" అన్న ఫిర్యాదు పెరుగుతోందా అని. అక్కడ మన పేజీ ఎవరూ చదివి రాయరు కాబట్టి, పెరిగితే జనం బ్యాగుల్ని ఈ గుణంతో కొలవడం మొదలుపెట్టారని అర్థం.