భూమి కంపెనీది, షేర్లు మీవి: స్టాంపు డ్యూటీ తప్పినా పన్ను ఎక్కడ దొరుకుతుంది?

కంపెనీ పేరున స్థలం కొని, అమ్మేటప్పుడు రిజిస్ట్రేషన్ లేకుండా షేర్లు మార్చేసే పద్ధతి నిన్న మొన్నటిది కాదు. దీని మూలం 1954లో బచ్చా గుజ్దార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పులో ఉంది. టీ కంపెనీ నుంచి వచ్చిన డివిడెండును వ్యవసాయ ఆదాయంగా చూడాలని ఆ వాటాదారు అడిగారు. కోర్టు ఒప్పుకోలేదు. కంపెనీ ఆస్తిలో వాటాదారుకు నేరుగా హక్కు ఉండదని తేల్చింది. అంటే షేర్లు చేతులు మారినా భూమి యజమాని మారడు.

భాగస్వామ్య సంస్థలకు ఇలాంటి మాటే ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన అద్దంకి నారాయణప్ప కేసులో 1966లో వచ్చింది. సంస్థకు భూములున్నా, అందులో భాగస్వామి వాటా చరాస్తే. కాబట్టి దాన్ని వదులుకుంటూ రాసిన కాగితానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

ఈ దారులను ప్రభుత్వం ఒక్కొక్కటిగా బిగిస్తూ వచ్చింది. సొంత స్థలాన్ని భాగస్వామ్య సంస్థలోకి తెచ్చినా, సంస్థ ఆస్తిని భాగస్వామి తీసుకెళ్ళినా లాభంపై పన్ను పడేలా 1987లో ఆదాయపు పన్ను చట్టాన్ని సవరించింది. 2017లో లిస్టు కాని షేర్ల మీద దృష్టి పెట్టింది. పన్ను కోసం వాటి విలువ కట్టేటప్పుడు కంపెనీ భూమిని పుస్తకంలోని పాత ధరకు కాకుండా స్టాంపు విలువకు లెక్కించాలంది. దాంతో షేర్లను తక్కువ ధరకు చూపించే వీలు చాలావరకు పోయింది.

స్టాంపు డ్యూటీ తేడా మాత్రం అలాగే ఉంది. పది కోట్ల స్థలాన్ని ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టర్ చేయించుకుంటే అన్నీ కలిపి సుమారు 7.5 శాతం, అంటే 75 లక్షలు. అదే విలువ గల షేర్లు మారిస్తే 2020 జులై నుంచి ఉన్న 0.015 శాతం చొప్పున 15 వేలు. ఇది చూసి ఎవరికైనా ఆశ పుడుతుంది.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. ఆ స్థలాన్ని కంపెనీ ఒకప్పుడు కోటికి కొన్నదనుకోండి. మీరు షేర్లకు పది కోట్లు ఇచ్చినా, కంపెనీ పుస్తకాల్లో కొన్న ధర కోటే. రెండేళ్ళు దాటాక కంపెనీ దాన్ని 12 కోట్లకు అమ్మితే లాభం 11 కోట్లు. 12.5 శాతం చొప్పున, సర్‌చార్జి కాక, కోటీ 37 లక్షల పైన పన్ను. మీ పేరునే కొని ఉంటే, స్టాంపు ఖర్చూ కలిపి ధర 10.75 కోట్లు, పన్ను పదహారు లక్షల లోపే. మిగిల్చుకున్న 75 లక్షలకు మించి ఇక్కడే పోయింది. పైగా కంపెనీ నుంచి ఆ డబ్బును డివిడెండుగా తీసుకుంటే మళ్ళీ మీ చేతిలో పన్ను. లాభంతో ఇల్లు కొనుక్కుంటే వచ్చే మినహాయింపు వ్యక్తులకూ, హిందూ అవిభక్త కుటుంబాలకే తప్ప కంపెనీకి లేదు.

ఇంకోటి, షేర్లతో పాటు కంపెనీ పాత అప్పులూ, పన్ను నోటీసులూ మీ వెంట వస్తాయి. షేర్ల మార్పిడి, స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లను చూపే ఈసీలో కనబడదు. అందుకే ఈసీతో ఆగకుండా కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర నమోదైన తాకట్టులూ, పన్ను కేసులూ చూసిన తర్వాతే బేరానికి కూర్చోవాలి.