టీ చెంచా మీద నిలిపిన మనసు: జెన్ తేనీటి సమావేశాల నేపథ్యం

జపాన్ తేనీటి సమావేశం గురించి రాసేవాళ్లు చాలామంది కథను టీ గురువు సెన్ నో రిక్యూ దగ్గర మొదలుపెడతారు. 16వ శతాబ్దంలో ఆయన టీ తాగడాన్ని ధ్యానంగా మార్చాడని చెబుతారు. రిక్యూ గొప్పతనాన్ని నేను తక్కువ చేయను. కానీ గిన్నె పట్టుకునే తీరును సాధనలో భాగంగా చూడటం ఆయనకు నాలుగు వందల ఏళ్ల ముందే బౌద్ధ మఠాల్లో మొదలైంది. ఆ సాధన ఏమిటో విడమరిచి రాసిన పుస్తకం మాత్రం ఆయన పోయిన రెండు వందల ఏళ్ల తర్వాత గానీ రాలేదు.

జపాన్‌లో జెన్ అని పిలిచే ధ్యాన ప్రధాన బౌద్ధ శాఖను చైనాలో చాన్ అంటారు. అక్కడ 1103లో కూర్చిన ఒక చాన్ మఠ నియమావళిలో టీ తాగడానికి పద్ధతులున్నాయి. గిన్నెను రెండు చేతులతో ఛాతీకి ఎదురుగా పట్టుకోవాలి. వేడిగా ఉందని ఊదకూడదు, జుర్రుకునే చప్పుడు రాకూడదు. చదివితే మర్యాదల పట్టికలా ఉంటుంది. అయితే ఆ మఠాల్లో నిద్ర, స్నానం, భోజనం అన్నిటికీ ఇలాంటి నియమాలే ఉండేవి. కూర్చుని చేసే ధ్యానం ఆసనం దిగగానే ఆగిపోకూడదన్నది వాటి ఉద్దేశం.

ఎయిసాయ్ అనే భిక్షువు 1191లో చైనా నుంచి తిరిగొచ్చి జపాన్‌లో జెన్‌తోపాటు పొడి టీ తాగే అలవాటునూ ప్రచారం చేశాడు. 1214లో షోగున్ అనే సైనిక పాలకుడి పదవిలో ఉన్న సానెతోమో రాత్రి తాగిన మద్యం మత్తుతో తల పట్టుకుని కూర్చుంటే, ఎయిసాయ్ ఒక గిన్నె టీతోపాటు దాని గుణాల గురించి తాను రాసిన పుస్తకాన్నీ పంపాడు. అప్పటికి టీ ప్రధానంగా మందు. భిక్షువులకైతే ధ్యానంలో కునుకు పట్టకుండా కాపాడే పానీయం.

ఆ కాలపు మఠంలో టీ ఎలా ఇచ్చేవారో ఊహించడానికి ఇప్పటికీ ఒక ఆధారం ఉంది. ఎయిసాయ్ 1202లో స్థాపించిన క్యోటోలోని కెన్నిన్‌జి మఠంలో ఏటా ఏప్రిల్ 20న ఆయన స్మృత్యర్థం పాత పద్ధతిలో టీ ఇస్తారు. నలుగురు ముఖ్య అతిథులు, ఒక్కొక్కరితో ఎనిమిదిమంది సహచరులు, మొత్తం 36 మంది పెద్ద గదిలో కూర్చుంటారు. టీ పొడి వేసిన గిన్నెలు ముందే అందుతాయి. అతిథి తన గిన్నెను దాని పీటతో సహా రెండు చేతులా ఎత్తి పట్టుకుంటాడు. భిక్షువు వేడినీళ్ల పాత్రతో వచ్చి, ఆ గిన్నెలోనే నీళ్లు పోసి, వెదురు కవ్వంతో కలుపుతాడు. ముఖ్య అతిథి ముందు మోకాలు వంచుతాడు, మిగతావారి దగ్గర నిలబడే వంగుతాడు. గిన్నె ఒకరి చేతిలో, కవ్వం మరొకరి చేతిలో. ఇద్దరిలో ఎవరి మనసు చెదిరినా వేడినీళ్లు ఒలుకుతాయి.

మఠం దాటాక టీ చాలాకాలం వేరే దారిలో నడిచింది. 14వ శతాబ్దపు యోధులు, ధనికులు టీ రుచి చూసి ఏ తోటదో చెప్పే పందేలు కాశారు. 1336లో కొత్త షోగున్ ప్రభుత్వం పందేల టీ సమావేశాలను తప్పుబడుతూ నియమం కూడా రాసింది. ఆ తర్వాత టీ గురువులు మురాతా జుకో, తకెనో జోవో, చివరికి రిక్యూ ఆ ఆర్భాటాన్ని తగ్గించుకుంటూ వచ్చారు. రిక్యూ కట్టించినదిగా చెప్పే తాయాన్ గదిలో టీ ఇచ్చే చోటు రెండు చాపలే. మనిషి వంగి, మోకాళ్ల మీద జరుగుతూ లోపలికి వెళ్లాల్సినంత చిన్న వాకిలి. అంత దగ్గరగా కూర్చున్న అతిథికి టీ చేసేవారి వేళ్లు కూడా కనబడతాయి. అందుకే ఆ వేళ్లు ఏం చేస్తున్నాయన్నది అంత ముఖ్యమైంది.

ఒక చిన్న పని చూద్దాం. పలుచని టీకి రెండు గ్రాముల పొడి చాలు, వెదురు చెంచాతో ఒకటిన్నర సార్లు తీస్తారు. దాని మీద ఒక గరిటెడు వేడినీళ్లలో కొంత పోసి, మిగిలింది మళ్లీ పాత్రలోకే వదులుతారు. మే నుంచి అక్టోబర్ దాకా కుంపటి చాప పైన ఉండే కాలంలో, రిక్యూ వారసులైన సెన్ కుటుంబపు సంప్రదాయాల్లో వెదురు గరిటెను పాత్ర నోటి మీద వాల్చే తీరు మూడు రకాలు. గిన్నె వేడి చేయడానికి నీళ్లు పోశాక ఒకటి, టీకి పోశాక ఇంకొకటి, చివర్లో చన్నీళ్లు పోశాక మరొకటి. బయటివాళ్లకు మూడూ ఒకేలా కనిపిస్తాయి. చేసేవారి మనసు ఒక్క అడుగు ముందుకు పరిగెత్తినా చెయ్యి తప్పు పద్ధతిలో వాలుతుంది, గురువుకు అది వెంటనే తెలిసిపోతుంది.

రిక్యూ పేరుతో శిష్యులు కంఠస్థం చేసే పద్యాల్లో రెండు మాటలున్నాయి. బరువైన వస్తువును తేలిగ్గా, తేలికైనదాన్ని బరువుగా పట్టుకోమంటుంది ఒకటి. వస్తువును కింద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకునేటప్పుడు ప్రియమైన మనిషిని విడిచి వెళ్తున్నట్టు ఉండాలంటుంది రెండోది. నా దృష్టిలో రెండోదే అసలు పరీక్ష. తీసుకునేటప్పుడు అందరం శ్రద్ధగానే తీసుకుంటాం. పెట్టేటప్పటికి మనసు తర్వాతి వస్తువు మీదికి పోతుంది, చెయ్యి చటుక్కున వెనక్కి వస్తుంది. దీనికి విరుగుడుగా ఏళ్లపాటు అదే క్రమాన్ని చేస్తే ఇంకో చిక్కు వస్తుంది. శరీరానికి అంతా అలవాటైపోయి, మనసు ఎక్కడో తిరుగుతున్నా చేతులు తప్పు చేయవు.

18వ శతాబ్దంలో ఈ చిక్కుకు ఒక ఉపాయం దొరికింది. 1740ల ప్రాంతంలో సెన్ కుటుంబపు టీ శాఖల్లో ఒకటైన ఒమొతెసెన్కె పీఠాధిపతి జోషిన్‌సాయ్, మరో శాఖ ఉరాసెన్కెకు చెందిన ఆయన తమ్ముడు ఇత్తో కలిసి ఏడు అభ్యాసాలు రూపొందించారు. దైతొకుజి అనే జెన్ మఠానికి చెందిన భిక్షువు ముగాకు ఒక్కో దానికి ఒక జెన్ వాక్యం జోడించాడు. అప్పటికి పట్టణాల్లో శిష్యుల సంఖ్య బాగా పెరిగింది, గుంపుగా నేర్పే పద్ధతి అవసరమైంది. ఏడింటిలో ఒకటి టీ రుచి చూసి గుర్తుపట్టడం, అంటే పాత పందెమే డబ్బు లేకుండా సాధనగా తిరిగొచ్చింది.

అన్నిటికన్నా పేరున్నది ‘కగెత్సు’. ఐదుగురు ఉంటారు. మడతపెట్టిన కాగితపు పెట్టెలో చెక్క బిళ్లలుంటాయి: ఒకదాని మీద పువ్వు, ఒకదాని మీద చంద్రుడు, మిగతావాటి మీద అంకెలు. పువ్వు వచ్చినవారు లేచి వెళ్లి టీ చేయాలి, చంద్రుడు వచ్చినవారు తాగాలి. ఒక గిన్నె తయారవుతుండగానే పెట్టె మళ్లీ చేతులు మారుతుంది. ముందు టీ చేసినవారు ఆ చోటు వదిలి అతిథుల్లో కలుస్తారు. ఎవరు ఏ పాదంతో లేవాలి, ఏ చాప మీదుగా నడవాలి అన్నవి మారిన చోటును బట్టి మారిపోతాయి. బిళ్ల తిప్పి చూసేదాకా తన పనేమిటో ఎవరికీ తెలియదు. కంఠస్థం చేసిన క్రమం చేతిలో ఉన్నా, అది ఎప్పుడు మొదలవుతుందో ఊహించుకుని కూర్చోవడం కుదరదు. ఒకరు తన వంతు గమనించకపోతే నలుగురూ ఆగిపోతారు.

ఇదంతా జెన్ సాధనేనని తేల్చి చెప్పిన పుస్తకం ‘జెన్‌చరోకు’, 1828లో జాకుఅన్ సోతాకు పేరుతో వచ్చింది. చెంచా పట్టుకుంటే మనసంతా ఆ చెంచా మీదే పెట్టాలని, ఇంకో ఆలోచన అణువంత కూడా రాకూడదని, కింద పెట్టేటప్పుడూ అదే శ్రద్ధ ఉండాలని అందులో ఉంది. ఖరీదైన పాత్రలు చూపించుకునే సమకాలికులను అది గట్టిగా విమర్శించింది. అంటే టీ గదుల్లో చాలామంది అప్పుడు ధ్యానం చేయడం లేదనే అర్థం.

రిక్యూ నోట జెన్ మాటలు పలికించే ‘నంపోరోకు’ కూడా ఆయన మరణించిన వందేళ్ల తర్వాత, 1690 ప్రాంతంలో వెలుగులోకి వచ్చింది. అది ఆయన శిష్యుడు రాసుకున్న నోట్సేనన్న వాదనను చరిత్రకారులు చాలామంది ఒప్పుకోరు. రిక్యూ దైతొకుజిలో జెన్ అభ్యసించిన మాట నిజం. 1591లో అప్పటి పాలకుడు హిదెయోషి ఆజ్ఞతో ప్రాణం తీసుకున్నదీ నిజం. టీ చేసేటప్పుడు ఆయన మనసులో ఏముండేదన్న దానికి మాత్రం మనకు దొరికినవి ఎక్కువగా తర్వాతి తరాల మాటలే.