ఐడిల్ టైమ్ చూసి జీతం కోయకండి: ఆఫీసు కంప్యూటర్ల నిఘాపై అపోహలు - వాస్తవాలు

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో నైట్ షిఫ్ట్ నడిపే చిన్న కంపెనీల కంప్యూటర్లు, నెట్‌వర్క్ చూసుకోవడం నా పని. ఉద్యోగుల సిస్టమ్‌లలో మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ వేసేది నేనే. దాని రిపోర్టు దగ్గర గొడవైతే ముందు పిలుపు వచ్చేదీ నాకే. జీతాల లెక్క మొదలయ్యే రోజుల్లో ఈ గొడవ తప్పకుండా వస్తుంది.

అపోహ: యాక్టివిటీ 60 శాతం వచ్చిందంటే ఆ మనిషి మిగతా టైమంతా ఖాళీగా కూర్చున్నట్టే.

వాస్తవం: ఆ సాఫ్ట్‌వేర్‌కు మనిషి కనపడడు. కీబోర్డు గానీ మౌస్ గానీ చివరిసారి ఎప్పుడు కదిలిందో విండోస్ గుర్తుపెట్టుకుంటుంది. మనం వేసిన ఏజెంట్, అంటే సిస్టమ్‌లో వెనక నడిచే ఆ మానిటరింగ్ ప్రోగ్రామ్, ఆ సంగతి అడిగి తెలుసుకుంటుంది, అంతే. సెట్టింగ్‌లో పెట్టిన గడువు, సాధారణంగా 5 నిమిషాలు, దాటిందంటే ఐడిల్ అని రాసేస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు వెనక్కి వెళ్లి ఆ మొదటి 5 నిమిషాలను కూడా ఐడిల్‌లోనే కలుపుతాయి. చేతులు కదలకుండా జరిగే పని ఏదైనా దాని లెక్కలో ఖాళీయే.

దీనికి ఎక్కువగా బలయ్యేది ఏఆర్ కాలర్లు. అమెరికా ఆసుపత్రుల బిల్లులు ఎందుకు ఆగాయో అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీలకు ఫోన్ చేసి కనుక్కోవడం వాళ్ల పని. ఫోన్ కలిశాక హోల్డ్‌లో పెడతారు. ఇరవై నిమిషాలు, అరగంట ఆ మ్యూజిక్ వింటూ కూర్చోవాలి. అవతలివాళ్లు ఎప్పుడు లైన్లోకి వస్తారో తెలియదు, హెడ్‌సెట్ తీయడానికి లేదు. ఆ టైమంతా ఐడిల్ కిందే పోతుంది.

ఒకసారి ఒక అమ్మాయి రిపోర్టు నా ముందుకు వచ్చింది. విరామాలు పోగా షిఫ్ట్ 480 నిమిషాలు. ఐడిల్ 186 అని ఉంది, అంటే యాక్టివిటీ 61 శాతం. ఆమె పక్కన కూర్చుని పేమెంట్లు ఎంట్రీ చేసే అతనికి 90 దాటింది. మేనేజరు ఆమె జీతంలో కోత పెట్టాలని రాసి ఉంచాడు. ఆమె నాతో అన్న మాట: "రాత్రంతా ఫోన్ మీదనే ఉన్నన్నా, మరి ఐడిల్ ఎట్లొస్తది?"

కాల్స్ కలిపే డైలర్ సాఫ్ట్‌వేర్ నుంచి ఆ రాత్రి కాల్ లాగ్ తీయించాను. ప్రతి ఐడిల్ ముక్క ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో ఒక పక్క, ప్రతి కాల్ మొదలు, ముగింపు ఇంకో పక్క పెట్టి పోల్చాం. 186 నిమిషాల్లో 150 నిమిషాలు ఆమె లైన్ మీదే ఉంది. మిగిలింది 36 నిమిషాలు. రాత్రి షిఫ్ట్‌లో మంచినీళ్లకు, బాత్రూమ్‌కు లేవని మనిషి ఉండరు. ఆ 150 కలిపితే 444 నిమిషాలు, అంటే 92 శాతం పైనే. చూసిన క్లెయిమ్‌ల లెక్కలో కూడా ఆమె టీమ్‌లో ఎవరికీ తీసిపోలేదు. ఆ లెక్క ముందే చూసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

పోల్చేటప్పుడు ఒక చిక్కు ఉంటుంది, టీమ్ లీడ్‌లు ఇది గుర్తుపెట్టుకోవాలి. మానిటరింగ్ లాగ్ మన టైమ్‌లో ఉండి, డైలర్ లాగ్ అమెరికా ఈస్టర్న్ టైమ్‌లో ఉంటే తేడా ఎండాకాలం తొమ్మిదిన్నర గంటలు, చలికాలం పదిన్నర. మార్చిలో, నవంబరులో వాళ్లు గడియారం మార్చుకుంటారు. మనం మార్చకపోతే కాల్స్ అన్నీ గంట పక్కకు జరుగుతాయి, ఒక్కటీ ఐడిల్‌తో కలవదు. అప్పుడు "చూశావా, ఫోన్లోనూ లేదు" అనే మాట వస్తుంది. అలాగే చాలా రిపోర్టులు రాత్రి 12కు తేదీ మార్చేస్తాయి. సాయంత్రం ఏడింటికి మొదలైన షిఫ్ట్ రెండు ముక్కలై, రెండు రోజులూ సగం సగం హాజరు చూపిస్తుంది. రిపోర్టు రోజు ఎన్నింటికి మొదలవ్వాలో సెట్టింగ్‌లో మధ్యాహ్నానికి మారిస్తే ఇది పోతుంది.

ఈ పని మొదలుపెట్టక ముందు నేను హైదరాబాద్‌లో ఒక కాల్ సెంటర్‌లో చేశాను. ఎవరు ఎంతసేపు సీట్లో లేరో మా టీమ్ లీడ్ బోర్డు మీద పేర్లతో సహా రాసేవాడు. షుగర్ ఉన్న ఒక పెద్దాయన ఆ బోర్డుకు భయపడి షిఫ్ట్‌లో నీళ్లు తాగడం మానేశాడు. ఇప్పటికీ కొత్త ఆఫీసులో ఈ సాఫ్ట్‌వేర్ వేసే ముందు నాకు ఆయన గుర్తుకొస్తాడు. అందుకే ఐడిల్ జాబితాను పేర్లతో టీమ్ గ్రూపులో పెడతామంటే నేను ఒప్పుకోను.

ఇది మన ఊళ్ల బాధే కాదు. 2024 డిసెంబరులో ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ సీఎన్‌ఐఎల్ ఒక రియల్ ఎస్టేట్ కంపెనీకి 40,000 యూరోల జరిమానా వేసింది. ఆ కంపెనీ కీబోర్డు, మౌస్ కదలని నిమిషాలను పనిలేని సమయంగా లెక్కించి, భర్తీ చేయకపోతే జీతంలో కోస్తామంది. మీటింగ్‌లో ఉన్నా, ఫోన్లో ఉన్నా అది పనే, ఇలా కొలవడం నమ్మదగింది కాదని ఆ సంస్థ చెప్పింది.

అపోహ: మౌస్‌ను దానంతట అదే కదిలించే మౌస్ జిగ్లర్ పెట్టుకుంటే ఏ గొడవా ఉండదు.

ఇది భయంతో చేసే పని, ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ చేయకండి. యూఎస్‌బీలో పెట్టిన ప్రతి కొత్త పరికరం సిస్టమ్‌లో నమోదవుతుంది. మౌస్ గంటల తరబడి కదులుతూ ఒక్క క్లిక్ లేకపోతే, స్క్రీన్‌షాట్ మారకపోతే ఇట్టే తెలిసిపోతుంది. 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు కదులుతున్నట్టు చూపించారని పది మందికి పైగా ఉద్యోగుల్ని తీసేసింది. తక్కువ ఐడిల్ కోసం ఉద్యోగం పోగొట్టుకోవద్దు. మీ కాల్ లాగ్ అడిగి తీసుకోండి, అది మీ పక్షాన నిలబడుతుంది.

అపోహ: ఇన్‌కాగ్నిటోలో చూస్తే కంపెనీకి తెలియదు.

తెలుస్తుంది. బ్రౌజర్ తన హిస్టరీలో రాసుకోదు, అంతవరకే. ఏజెంట్ ఉన్నది బ్రౌజర్ బయట, కంప్యూటర్లో. తెర మీద ఏముంటే స్క్రీన్‌షాట్‌లో అదే పడుతుంది. బ్యాంకు బ్యాలెన్సు, డాక్టరు రిపోర్టు ఆఫీసు లాప్‌టాప్‌లో తెరవకండి.

అపోహ: మనం కొట్టే ప్రతి అక్షరం, పాస్‌వర్డ్‌తో సహా చదువుతారు.

సాధారణ టైమ్ ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ ఎన్ని కీలు నొక్కారో లెక్కపెడుతుంది, ఏం కొట్టారో రాసుకోదు. అక్షరాలు కూడా రాసుకునే సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. మీ దగ్గర ఉన్నది ఏదో కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

అపోహ: లాప్‌టాప్ కంపెనీది కాబట్టి ఏం చేసినా, ఎవరికీ చెప్పకుండా చేయొచ్చు.

యజమానులు నాతో ఎక్కువగా అనే మాట ఇది. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఉద్యోగ అవసరాలకు, కంపెనీకి నష్టం రాకుండా చూసుకోవడానికి వెసులుబాటు ఉంది. ఆ వెసులుబాటు ఆ అవసరం మేరకే. ఇంటి నుంచి పనిచేసే మనిషి షిఫ్ట్ అయిపోయాక స్క్రీన్‌షాట్లు తీయడం ఏ అవసరమో నాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేకపోయారు.

నేను వేసే చోట నాలుగు సంగతులు అడుగుతాను. ఏం నమోదవుతుందో చేరేటప్పుడే తెలుగులో రాసి ఇవ్వాలి. స్క్రీన్‌షాట్లు మసకగా ఉండాలి, 30 రోజులకు చెరిగిపోవాలి. ఎవరి రిపోర్టు వాళ్లు చూసుకునే లాగిన్ ఇవ్వాలి. కాల్ లాగ్ పక్కన పెట్టకుండా ఐడిల్ మీద ఎవరినీ సంజాయిషీ అడగకూడదు. వీటిలో చివరిదానికే చాలామంది వెనకాడతారు, రెండు రిపోర్టులు కలపడం ఎవరు చేస్తారని. అరగంట పని అది, ఎక్సెల్ తెలిసిన ఎవరైనా చేయగలరు. మీ ఆఫీసులో ఎవరూ లేకపోతే రెండు ఫైళ్లూ పట్టుకుని రండి, మొదటిసారి నేను కూర్చుని చూపిస్తాను.