అడ్రస్ వరంగల్, పార్శిల్ బెంగళూరు: పిన్‌కోడ్, లేబుల్ విషయంలో అపోహలు - వాస్తవాలు

చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతూ రోజుకు పది పన్నెండు పార్శిళ్ళు పంపే చిన్న వ్యాపారం మాది. ప్యాకింగ్, లేబుల్, పికప్ నేనే చూసుకుంటాను. పార్శిల్ దారి తప్పితే ముందుగా కొరియర్ వాళ్ళ మీదే కోపం వస్తుంది, నాకూ అంతే. కానీ దారి తప్పిన మా ఆర్డర్లు ఒక్కొక్కటే తీసి చూస్తే, చాలావాటిలో తప్పు పార్శిల్ ఇల్లు దాటకముందే జరిగిపోయింది. ఆ తప్పుల వెనక నేను నమ్మిన కొన్ని మాటలున్నాయి.

అపోహ: ఇంటి నంబర్, వీధి, ఊరు సరిగ్గా ఉంటే పిన్‌కోడ్‌లో ఒక అంకె అటూ ఇటూ అయినా పార్శిల్ చేరుతుంది.

వరంగల్‌లో ఒక మేడమ్ పట్టుచీర ఆర్డర్ పెట్టారు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లో అడ్రస్ చెప్పారు. పిన్‌కోడ్ 506002. నేను టైప్ చేసింది 560002. ఇంటి నంబర్, కాలనీ, వరంగల్ అన్న పేరు అన్నీ లేబుల్ మీద స్పష్టంగా ఉన్నాయి. మూడో రోజు ట్రాకింగ్ చూస్తే పార్శిల్ బెంగళూరులో ఉంది. "నేను వరంగల్‌లో ఉన్నాను కదండీ, అక్కడికెందుకు వెళ్ళింది?" అని ఆవిడ అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

ఎందుకంటే 560002 కూడా నిజమైన పిన్‌కోడే. అది బెంగళూరు నగరానిది. లేబుల్ తయారుచేసినప్పుడే ఏడబ్ల్యూబీ అనే ట్రాకింగ్ నంబర్‌తో పాటు మనం కొట్టిన పిన్ కొరియర్ సిస్టమ్‌లోకి వెళ్ళిపోతుంది. హబ్‌లో బార్‌కోడ్ స్కాన్ చేయగానే ఆ నంబర్‌కు ఏ పిన్ ఉందో చూసి, పార్శిల్ ఏ బ్యాగులో పడాలో సిస్టమే చెబుతుంది. హడావిడిగా వేలకొద్దీ పార్శిళ్ళు విడదీసే చోట ఊరి పేరు చదివే తీరిక ఎవరికీ ఉండదు. డెలివరీ బాయ్ చేతికి వచ్చాకే ఎవరైనా అడ్రస్ చదివేది. అప్పటికే పార్శిల్ వేరే రాష్ట్రంలో ఉంటుంది.

ఇంకో సంగతి. స్పీడ్ పోస్ట్ ట్రాకింగ్ నంబర్‌లో IN అన్న అక్షరాలకు ముందు వచ్చే అంకె, దాని ముందున్న ఎనిమిది అంకెలను లెక్కకట్టి పెట్టింది. ఒక అంకె తప్పు కొడితే సాధారణంగా లెక్క కుదరదు, తప్పు బయటపడుతుంది. పిన్‌కోడ్‌లో అలాంటి కాపలా అంకె లేదు. రెండు అంకెలు తారుమారైతే ఇంకో ఊరి పిన్ అయిపోవచ్చు, అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

అందుకే ఇప్పుడు మొదటి మూడు అంకెలను జిల్లాతో సరిచూస్తాను. ఈ మూడూ కలిసి పోస్టల్ సార్టింగ్ జిల్లాను చెబుతాయి. 506 వరంగల్, 505 కరీంనగర్, 507 ఖమ్మం, 522 గుంటూరు, 533 రాజమండ్రి, కాకినాడ వైపు, 535 విజయనగరం. మాకు ఎక్కువగా ఆర్డర్లు వచ్చే జిల్లాలన్నీ ఒక కాగితం మీద రాసి ప్యాకింగ్ టేబుల్ ఎదురుగా అంటించాను. జిల్లాలు కొత్తగా ఏర్పడినా పిన్‌కోడ్లు వాటితో పాటు మారలేదు కాబట్టి పట్టికలో పాత జిల్లాల పేర్లే రాసుకోండి. కోనసీమ అని కస్టమర్ చెప్పినా 533 తోనే మొదలవుతుంది. యానాం 533464 చూసి కంగారు పడొద్దు, పిన్ గోదావరి వైపుదే, రాష్ట్రం గడిలో మాత్రం పుదుచ్చేరి అని ఉండాలి.

కస్టమర్‌ను "పిన్ 560002, కరెక్టేనా అండీ?" అని అడగడం కూడా మానేశాను. చాలామంది చూడకుండానే "అవునండీ" అనేస్తారు. "మీ పిన్‌కోడ్, పోస్టాఫీసు పేరు, జిల్లా ఒకసారి టైప్ చేసి పంపండి" అంటాను. వచ్చినదాన్ని కాపీ చేసి పేస్ట్ చేస్తాను, చేత్తో కొట్టను. పోస్టాఫీసు పేరుకూ పిన్‌కూ పొంతన లేకపోతే ఇండియా పోస్ట్ సైట్‌లో వెతికితే తెలిసిపోతుంది.

చివరి మూడు అంకెల్లో తప్పును ఈ పట్టిక పట్టుకోలేదు. కాకపోతే ఆ తప్పు చేస్తే పార్శిల్ సాధారణంగా ఆ చుట్టుపక్కలే ఉంటుంది, ఫోన్ చేసి దారికి తెచ్చుకునే అవకాశం ఉంటుంది.

అపోహ: తప్పు కనిపిస్తే లేబుల్ మీద పెన్నుతో దిద్దితే చాలు.

పెన్నుతో దిద్దింది మనుషులకు కనిపిస్తుంది, స్కానర్‌కు కాదు. బార్‌కోడ్ వెనక పాత పిన్ అలాగే ఉంటుంది. పికప్ కాకముందే చూసుకుంటే ఆ షిప్‌మెంట్ క్యాన్సిల్ చేసి, సరైన పిన్‌తో కొత్త లేబుల్ తీసి, పాతదాన్ని పూర్తిగా చించి పారేయాలి. పాతదాని మీద కొత్తది అంటించినా పాత బార్‌కోడ్ అంచు ఎక్కడా బయటికి కనిపించకూడదు.

పికప్ అయిపోయాక ఇంటి నంబర్, ఫోన్ నంబర్ మార్చమంటే కొరియర్ వాళ్ళు మార్చొచ్చు. పిన్‌కోడ్ మార్చడం మాత్రం సాధారణంగా కుదరదు, ఎందుకంటే దారే మారిపోతుంది. వరంగల్ చీర విషయంలో వెళ్ళిన ఛార్జీ, రిటర్న్ ఛార్జీ, మళ్ళీ పంపిన ఛార్జీ మూడూ నేనే కట్టుకున్నాను. చీర మేడమ్‌కు చేరేసరికి ఆవిడ కట్టుకోవాలనుకున్న ఫంక్షన్ అయిపోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

పికప్‌కు ముందే దొరకబుచ్చుకునే తేలిక దారి ఒకటుంది. చాలా కొరియర్ల లేబుల్ మీద బార్‌కోడ్ దగ్గర గమ్యం ఊరి పేరో కోడో పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది మనం టైప్ చేసిన ఊరు కాదు, పిన్‌ను బట్టి సిస్టమ్ వేసింది. ఆ రోజు నా లేబుల్ మీద అడ్రస్‌లో వరంగల్, పైన బెంగళూరు కోడ్ రెండూ ఉన్నాయి. ఇప్పుడు అంటించే ముందు ఆ రెండూ కలుస్తున్నాయా అని వేలు పెట్టి చూస్తాను.

అపోహ: పిన్‌కు సర్వీస్ ఉందని చూపిస్తే ఇంటి దాకా వెళ్ళినట్టే.

ఒక పిన్ కింద ఎన్నో ఊళ్ళు ఉంటాయి. దేశంలో పోస్టాఫీసులు లక్షన్నరకు పైగా ఉంటే పిన్‌కోడ్లు సుమారు 19 వేలే. కొరియర్ ఆ పిన్‌లోని టౌన్ వరకే వెళ్ళి, లోపలి పల్లెకు వెళ్ళకపోవచ్చు. ప్రీపెయిడ్‌కు సర్వీస్ ఉండి క్యాష్ ఆన్ డెలివరీకి లేకపోవచ్చు. ఈ జాబితాలు మారుతుంటాయి కాబట్టి పోయిన నెల వెళ్ళిందన్న ధీమాతో కాకుండా ప్రతి ఆర్డర్‌కూ ఆ రోజే, ఆ పేమెంట్ పద్ధతితోనే చూడాలి. పల్లె అడ్రస్ అయితే నేను ముందే కస్టమర్‌కు ఫోన్ చేసి, వాళ్ళ ఊరికి ఏ కొరియర్ వస్తుందో అడుగుతాను. వాళ్ళకు తెలిసినంత ఏ సిస్టమ్‌కూ తెలియదు. ఏదీ రాదంటే స్పీడ్ పోస్టే. 56 ఏపీఓ, 99 ఏపీఓ అని ఉండే, 9 తో మొదలయ్యే సైనికుల అడ్రస్‌లకు కూడా పోస్టులోనే పంపాలి.

అపోహ: బార్‌కోడ్ స్కాన్ అయితే లేబుల్ సరైనదే.

స్కాన్ కాని లేబుల్ వల్ల ఆలస్యం అవుతుంది. చక్కగా స్కాన్ అయ్యే లేబుల్ వేరే ప్యాకెట్ మీద ఉంటే రెండు పార్శిళ్ళు దారి తప్పుతాయి, పైగా డెలివరీ అయ్యేదాకా ఎవరికీ తెలియదు. ట్రాకింగ్ కూడా అంతా బాగున్నట్టే చూపిస్తుంది.

లేబుల్స్ అన్నీ ఒకేసారి ప్రింట్ చేసి, ప్యాకెట్లన్నీ వరసగా పెట్టి అంటించుకుంటూ పోతే ఒక్కటి జారినా ఆ తర్వాతివన్నీ మారిపోతాయి. అందుకని ప్యాక్ చేసేటప్పుడే కవర్ మీద ఆర్డర్ నంబర్ చివరి నాలుగు అంకెలు మార్కర్‌తో రాస్తాను. లేబుల్ మీది నంబర్‌తో అవి కలిస్తేనే అంటిస్తాను. లోపల చీరతో పాటు పేరు, ఫోన్, అడ్రస్ రాసిన చీటీ ఒకటి పెడతాను, పై లేబుల్ ఊడిపోయినా హబ్‌లో విప్పి చూసినవాళ్ళకు దారి దొరుకుతుంది.

స్కాన్ కాకపోవడానికి కారణాలు చిన్నవే. ప్రింట్ చేసేటప్పుడు "Fit to page" వద్దు, "Actual size" పెట్టండి, సైజు మారితే గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోవచ్చు. బార్‌కోడ్‌కు రెండు పక్కలా ఉన్న ఖాళీని కత్తిరించొద్దు. దాని మీద మెరిసే టేపు వేయొద్దు, ప్యాకెట్ మడత మీదికి రానివ్వొద్దు. పాత అట్టపెట్టె వాడితే దాని మీదున్న బార్‌కోడ్లన్నీ నల్ల మార్కర్‌తో కొట్టేయండి. పికప్ బాయ్ వచ్చాక నా ఫోన్‌లోని లిస్టుతో ప్యాకెట్లు లెక్కపెట్టి, నా కళ్ళ ముందే ఒక్కొక్కటీ స్కాన్ చేయమంటాను. స్కాన్ కానిది ఆ రోజుకు నా దగ్గరే ఆగిపోతుంది.