మూడో రోజు విడాల్ రిపోర్టు

ముప్పై ఏళ్ల వ్యక్తికి మూడు రోజులుగా జ్వరం ఉందనుకుందాం. ల్యాబ్ ఇచ్చిన విడాల్ రిపోర్టులో ‘ఓ 1:160, హెచ్ 1:160’ అని ఉంది, పక్కనే ‘పాజిటివ్’ అని కూడా రాశారు. ఇంట్లో అందరూ టైఫాయిడ్ అనే నిర్ణయానికి వస్తారు, ఆ సాయంత్రమే యాంటీబయాటిక్ మొదలవుతుంది. కానీ ఆ కాగితాన్ని తేదీతో కలిపి చదివితే అనుమానం రావాలి.

1896లో పారిస్‌లో ఫెర్నాండ్ విడాల్ వివరించిన ఈ పరీక్ష క్రిమిని వెతకదు. క్రిమికి వ్యతిరేకంగా శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను వెతుకుతుంది. రోగి రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవమైన సీరాన్ని రెట్టింపు చొప్పున పలుచన చేస్తూ, ప్రతి మెట్టులోనూ యాంటీజెన్, అంటే చంపిన టైఫాయిడ్ క్రిములను కలుపుతారు. 1:160 అంటే సీరం అంత పలుచనైనా యాంటీజెన్ కణాలు ఇంకా గుంపులు కడుతున్నాయన్న మాట. ‘ఓ’ క్రిమి పైపొరకు, ‘హెచ్’ అది ఈదడానికి వాడే తోకలకు సంబంధించినవి.

‘ఓ’ యాంటీబాడీలు సాధారణంగా జ్వరం మొదలైన వారం రోజులకు, హెచ్ యాంటీబాడీలు మరికొన్ని రోజులకు కనిపిస్తాయి. మరి మూడో రోజుకే రెండూ ఇంత ఎక్కువగా ఎందుకున్నాయి? చాలావరకు అవి పాతవి కావచ్చు. టైఫాయిడ్ తరచుగా వచ్చే మన ప్రాంతాల్లో ఆరోగ్యవంతుల రక్తంలోనూ ఇవి కొంత ఉంటాయి. ముఖ్యంగా హెచ్ చాలా కాలం నిలిచి ఉంటుంది. మలేరియా వంటి మరో జ్వరం కూడా ఆ పాత జ్ఞాపకాన్ని కదిలించగలదు. ఇందుకు తలకిందులుగా, నిజంగా టైఫాయిడ్ ఉన్న మనిషికి మూడో రోజున ‘నెగటివ్’ రావడం మామూలే. ఆ నెగటివ్ చూసి నిశ్చింతగా ఉండటం మరింత ప్రమాదం.

అంకె ఎంతుందన్నదానికన్నా అది పెరుగుతోందా లేదా అన్నది ముఖ్యం. పది రోజుల తర్వాత అదే ల్యాబ్‌లో అదే పద్ధతిలో మళ్లీ చేయిస్తే, 1:80 ఉన్నది 1:320 అయితే నాలుగు రెట్ల పెరుగుదల. అప్పుడు ఇప్పటి జ్వరానికి, టైఫాయిడ్‌కు సంబంధం ఉందనడానికి బలం వస్తుంది. 1:80 నుంచి 1:160 కావడం ఒక్క మెట్టే. పరీక్ష చదివే కంటికి వచ్చే తేడా కూడా అంతే ఉంటుంది.

అయితే జ్వరంతో ఉన్న మనిషి పది రోజులు ఎదురుచూడలేడు. అందుకే మొదటి యాంటీబయాటిక్ మాత్రకు ముందే రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ పరీక్షకు రక్తం ఇవ్వాలని నేను గట్టిగా అంటాను. పెద్దవారికి ఎనిమిది నుంచి పది మిల్లీలీటర్ల రక్తం కావాలి, కొద్దిగా తీస్తే క్రిమి దొరకకపోవచ్చు. సరిగ్గా చేసినా కల్చర్ దాదాపు సగం కేసులను పట్టుకోలేదు. కానీ క్రిమి పెరిగితే టైఫాయిడ్ ఖాయం, ఏ మందుకు లొంగుతుందో కూడా తెలుస్తుంది.

మన రోగికి కల్చర్‌లో క్రిమి పెరగలేదు. పది రోజులకు మళ్లీ చేసిన విడాల్ అంకెలు 1:160 దగ్గరే ఉన్నాయి. మొదటి విడాల్ చేసిన రోజే తీసిన రక్తపు పూతను మైక్రోస్కోపు కింద చూస్తే మలేరియా పరాన్నజీవి కనిపించింది.